మాటల్లేని లెక్క

పిల్లలు ఒక ఊళ్లో, పెద్దలు ఇంకో ఊళ్లో ఉండడం మన కుటుంబాల్లో కొత్త కాదు. నేను బరంపురంలో ఉంటాను. తమ్ముడిది హోసూరు, ఆడపడుచుది షోలాపురం, చెల్లెలి కూతురు కాపురం బెంగళూరులో. ఒకప్పుడు ఈ ఊళ్ల మధ్య ఉత్తరాలు తిరిగేవి, ఇప్పుడు ఫోనులో ఫొటోలు తిరుగుతున్నాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి నాకు వచ్చే ఫొటోల్లో పెళ్లిళ్లూ పేరంటాలూ తక్కువ, లెక్కలు ఎక్కువ. ఆ లెక్కల కింద సాధారణంగా ఒక్క మాట కూడా ఉండదు. "అమ్మమ్మా, ఇది రావడం లేదు" అని గాని, "ఎలా చెయ్యాలి?" అని గాని ఉండదు. పుస్తకం మీద ఒక వరస, దాని పక్కన బొటనవేలు నీడ, అంతే.

ఇది నిర్లక్ష్యం అని మొదట్లో మా చెల్లెలు కోప్పడేది. నాకు అలా అనిపించదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు, రాయడం చాలామందికి రాదు. లెక్కల మాటలన్నీ బడిలో ఇంగ్లీషులో నేర్చుకున్నారు. నేను నేర్చుకున్నది తెలుగులో. నేను కారణాంకాలంటే వాళ్లు ఫాక్టర్స్ అంటారు, నేను గుణకమంటే వాళ్లు కోఎఫిషియెంట్ అంటారు. ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యేది పుస్తకంలో అచ్చయిన ఆ ఒక్క వరసే. అందుకని దాన్నే పంపి ఊరుకుంటారు. ఆ ఫొటోలో లేని మాటల్ని చదవడం పెద్దల పని. చదివాక ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం అంతకంటే పెద్ద పని. మన పత్రిక చదివే ఇళ్లలో ఈ అవసరం చాలామందికి ఉంటుంది కనుక ఒకే ఒక్క లెక్కను తీసుకుని వివరంగా రాస్తున్నాను.

బెంగళూరు మనవరాలు పదో తరగతి చదువుతోంది. ఒక సాయంత్రం తను పంపిన ఫొటోలో ఉన్నది ఇది:

(iii) 6x² − 3 − 7x

దానికి పైన ఇంకో వరస సగం తెగిపోయి ఉంది. అందులో s అనే అక్షరం కనిపిస్తోంది. కింద (iv) అని వేసి 4u² + 8u అని ఉంది. ఇవన్నీ ఏ ప్రశ్న కింద ఇచ్చినవో ఆ ప్రశ్న ఫొటోలో పడలేదు. పెన్సిలు గీత ఒక్కటీ లేదు.

ముందు చూడవలసింది ఏముందని కాదు, ఏం లేదని. ఇందులో "=" గుర్తు లేదు. కాబట్టి ఇది సమీకరణం కాదు, సాధించమని అడిగే లెక్క కాదు. ఇది ఒక వర్గ బహుపది మాత్రమే. బహుపది ఇచ్చి ఆ తరగతిలో అడిగేవి ముఖ్యంగా రెండు. ఒకటి, దాన్ని కారణాంకాలుగా విడగొట్టమనడం. రెండోది, దాని శూన్యాలు కనుక్కోమనడం, అంటే x కి ఏ విలువలిస్తే ఆ బహుపది సున్న అవుతుందో చెప్పమనడం. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. 3x² − x − 4 అనే బహుపదినే తీసుకోండి. చాలాకాలం నడిచిన ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి పుస్తకంలో అది కారణాంకాల లెక్క. పదో తరగతి పుస్తకంలో అదే బహుపది శూన్యాల లెక్క. అంకెలూ గుర్తులూ ఒకటే, అడిగింది వేరు. ఆ ఒక్క వరసే ఫొటోలో ఉంటే ఎంతటి పంతులుకైనా తేడా తెలియదు.

అందుకని పక్కవాటిని చూడాలి. 4u² + 8u లో అంకె ఒక్కటీ విడిగా లేదు, రెండు పదాల్లోనూ u ఉంది. కారణాంకాలు మాత్రమే కావాలంటే 4u బయటికి తీస్తే అయిపోయె, మధ్యపదం విడగొట్టే అభ్యాసంలో అలాంటిది ఇవ్వరు. శూన్యాల అభ్యాసంలో అయితే దానికి పని ఉంది, ఎందుకంటే అక్కడ ఒక శూన్యం సున్నే అవుతుందని పిల్లలకు తట్టదు. ఒక వరసలో s, ఇంకోదానిలో x, మరోదానిలో u అని అక్షరాలు మారుస్తూ పోవడం కూడా ఆ అభ్యాసం పద్ధతే. అక్షరమేదైనా పని ఒకటేనని పిల్లకు తెలియాలని అలా ఇస్తారు. ఇన్ని ఆనవాళ్లు కలిస్తే ఇది పదో తరగతి రెండో అధ్యాయం, బహుపదుల్లో అభ్యాసం 2.2 అని తేలింది. అక్కడ శూన్యాలు కనుక్కుంటే సరిపోదు, ఆ శూన్యాలకూ గుణకాలకూ ఉన్న సంబంధాన్ని సరిచూసి చూపించాలి కూడా.

అయినా ఊహ ఊహే. నేను ఒకే ప్రశ్న అడిగాను: "పైనున్న ప్రశ్న కూడా పడేలా ఇంకో ఫొటో తియ్యమ్మా." ఇలాంటప్పుడు "నీకేం అర్థం కాలేదు?" అని అడగకూడదని నా అనుభవం. ఏం అర్థం కాలేదో చెప్పగలిగితే పిల్ల ఫొటో ఒక్కటే పంపి ఊరుకోదు. ఇంకో ఫొటో తియ్యమంటే చెయ్యగలదు.

ఫోను వాళ్ల అమ్మది, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా జవాబు రాదు. ఈలోగా కుటుంబం గ్రూపులో మా బంధువు ఒకాయన, ఇంజనీరు, మొత్తం చేసేసి పెట్టాడు. ఆయన వాడింది సూత్రం. 7 వర్గం 49, దానికి 72 కలిపితే 121, దాని వర్గమూలం 11. ఏడుకు పదకొండు కలిపి పన్నెండుతో భాగిస్తే 3/2, ఏడులోంచి పదకొండు తీసి భాగిస్తే −1/3. జవాబులో తప్పేమీ లేదు. కాని ఆ సూత్రం పుస్తకంలో నాలుగో అధ్యాయానిది, పిల్ల ఉన్నది రెండో అధ్యాయంలో. ఆ పేజీ అలాగే నోటుబుక్కులోకి ఎక్కితే టీచరుకు చూడగానే ఇది పిల్ల చేసింది కాదని తెలుస్తుంది. పైగా సంబంధం సరిచూడడం అన్న రెండో సగం అందులో లేనే లేదు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో దానికీ ఆ పేజీ జవాబు కాదు.

ఇక్కడే హోంవర్కు నియమం సంగతి వస్తుంది. వాళ్ల బడి డైరీలో పెద్దలు వివరించవచ్చు, చేసి పెట్టకూడదు అని ఉందట. చాలా బళ్లలో ఇదే మాట. ఇది ఊరికే పెట్టిన కట్టడి కాదు. సి.బి.ఎస్.ఇ. పదో తరగతి లెక్కల్లో నూటికి 80 మార్కులు బోర్డు పరీక్షవి, 20 మార్కులు బడిలో వేసేవి. నోటుబుక్కులో పిల్ల చేసిన పని ఆ ఇరవైలోకి వస్తుంది. అది మనం చేసిందైతే మార్కు మనకొచ్చినట్టు. అంతకంటే నష్టం, టీచరుకు తప్పు కనిపించకపోవడం. తప్పు కనిపిస్తేనే మర్నాడు క్లాసులో దాని గురించి చెప్తారు. మనం దిద్ది పంపిన పేజీ ఆ అవకాశాన్ని తీసేస్తుంది.

అయితే మెట్లు చూపించకుండా వివరించడం ఎలా? నేను చేసేది ఇది. పిల్ల లెక్కను ముట్టుకోను. దానికి కవల లెక్క ఒకటి తయారుచేసి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా కాగితం మీద చేసి ఫొటో పంపుతాను.

కవల లెక్క అంటే అంకెలు మార్చేస్తే చాలదు. అసలు లెక్కలో ఉన్న చిక్కులన్నీ కవలలోనూ ఉండాలి. 6x² − 3 − 7x లో చిక్కులు మూడు. పదాలు వరసలో లేవు, అంకె మధ్యకు వచ్చి x ఉన్న పదం చివరికి పోయింది. x² ముందున్న అంకె 1 కాదు. విడగొట్టాక రెండో జతలోంచి బయటికి తియ్యడానికి 1 తప్ప ఏమీ మిగలదు. x² − 5x + 6 లాంటి తేలిక లెక్క ఉదాహరణగా చూపిస్తే ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు. పిల్ల "అర్థమైంది" అంటుంది, తన లెక్క దగ్గరికి వెళ్లి మళ్లీ అక్కడే ఆగిపోతుంది. అలాగని కవల మరీ దగ్గరగా ఉన్నా ప్రమాదమే. 10x² − 3 − 13x ఇచ్చాననుకోండి, అందులో ఒక కారణాంకం (2x − 3). అసలు లెక్కలోనూ అదే కారణాంకం వస్తుంది. ఉదాహరణ చెబుతూ సగం జవాబు చేతిలో పెట్టినట్టవుతుంది. నేను ఎంచుకున్నది 15x² − 5 − 22x. ఇలాంటిది తయారుచెయ్యడం కష్టం కాదు. ముందు జవాబు అనుకుని, (3x − 5), (5x + 1) అని, వాటిని గుణించి వెనక్కి రావడమే.

కాగితం మీద ఇలా రాశాను, ప్రతి వరస పక్కన ఎందుకో ఒక్క ముక్కతో.

15x² − 22x − 5 (ముందు వరసలో పెట్టాను)

15 × (−5) = −75 (మొదటి అంకెనూ చివరి అంకెనూ గుణించాను)

గుణిస్తే −75, కలిపితే −22 వచ్చే రెండు అంకెలు కావాలి. 75 కి జతలు మూడే: 1, 75, 3, 25, 5, 15. వీటిలో −25, +3 కుదురుతాయి.

15x² − 25x + 3x − 5

5x(3x − 5) + 1(3x − 5) (ఆ 1 రాయాలి)

(3x − 5)(5x + 1)

ఇక్కడిదాకా వచ్చి ఆ రాత్రికి ఆపాను. ఎందుకంటే ఇంతవరకూ చేసింది కారణాంకాలడిగినా కావాలి, శూన్యాలడిగినా కావాలి. ప్రశ్న ఏమిటో ఖాయంగా తెలియనప్పుడు, ఏ ప్రశ్న అయినా పనికొచ్చే మెట్ల దాకానే చూపించాలి. ఆ తరువాతి మెట్లు ప్రశ్న తెలిశాక.

మర్నాడు రెండు ఫొటోలు వచ్చాయి. ఒకటి ప్రశ్నది, నేను అనుకున్నదే. రెండోది తన రఫ్ పుస్తకం పేజీ. ఈ రెండోదే నాకు ఎక్కువ పనికొచ్చింది. అందులో తను 6x² − 9x + 2x − 3 దాకా చక్కగా వచ్చింది. తరువాత 3x(2x − 3) + (2x − 3) అని రాసింది. అదీ సరే. ఆ తరువాతి వరసలో (2x − 3)(3x) అని రాసి ఆగిపోయింది. 1 రాయకపోవడంతో రెండో జతలోంచి (2x − 3) తీసేస్తే ఏమీ మిగల్లేదనుకుంది. తొమ్మిది, పది తరగతుల్లో నేను చూసిన తప్పుల్లో ఇది చాలా తరచుగా వచ్చేది.

ఇప్పుడు "3x పక్కన + 1 పెట్టు" అని ఒక్క మాట రాస్తే పని అయిపోతుంది. కాని అది తన లెక్కను నేను చేసినట్టే. అందుకని ఇలా రాశాను: "చివరి వరస గుణించి చూడు. మొదటిదే వస్తోందా?" (2x − 3)(3x) ని గుణిస్తే 6x² − 9x వస్తుంది. మధ్యలో −7x ఉండాల్సిన చోట −9x ఉంది, −3 అసలే లేదు. ఇంకా తేలికగా కావాలంటే x స్థానంలో 1 పెట్టి చూడమన్నాను. అసలు బహుపదిలో 6 − 3 − 7, అంటే −4. తను రాసినదానిలో −1 ఇంటూ 3, అంటే −3. రెండూ కలవలేదు కాబట్టి ఎక్కడో ఏదో పోయింది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. 1 పెట్టినప్పుడు కలవకపోతే తప్పు ఖాయం, కలిసినంత మాత్రాన ఒప్పు ఖాయం కాదు. పూర్తిగా గుణించి చూడడమే గట్టి పరీక్ష.

పది నిమిషాల తరువాత ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి (2x − 3)(3x + 1) అని ఉంది, ఆ 1 చుట్టూ సున్న చుట్టి ఉంది. మాట మాత్రం లేదు. సున్న చుట్టడమే ఆ పిల్ల మాట అనుకున్నాను.

తరువాత మిగిలిన సగం కవల మీదే చూపించాను. 3x − 5 సున్న కావాలంటే x = 5/3. 5x + 1 సున్న కావాలంటే x = −1/5. ఈ రెండూ కలిపితే 22/15, గుణిస్తే −1/3. సరిచూడడానికి నియమం ఇది: శూన్యాల మొత్తం అంటే x గుణకాన్ని x² గుణకంతో భాగించి గుర్తు మార్చాలి, లబ్ధం అంటే విడి అంకెను x² గుణకంతో భాగించాలి, గుర్తు మార్చనక్కర్లేదు. ఇక్కడ x గుణకం −22, గుర్తు మారిస్తే 22, కాబట్టి 22/15. విడి అంకె −5, పదిహేనుతో భాగిస్తే −1/3. రెండూ కలిశాయి.

లెక్కను తలకిందులు వరసలో ఎందుకిచ్చారో ఇక్కడే బయటపడుతుంది. వరస సరిచెయ్యని పిల్ల మధ్యలో ఉన్నది కదా అని −3 ని x గుణకంగా తీసుకుంటుంది. అప్పుడు మొత్తం 3/6, అంటే 1/2 అని వస్తుంది. తన శూన్యాలు 3/2, −1/3 కలిపితే 7/6. కలవదు. కలవకపోతే చాలామంది పిల్లలు శూన్యాలే తప్పనుకుని సరైన పని కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. నేను మనవరాలికి ముందుగానే ఒక్క మాట రాశాను: "కలవకపోతే ఏదీ కొట్టెయ్యకు. ముందు నీ మొదటి వరస చూడు." తను చేసిన పేజీ మూడో రోజు వచ్చింది. 7/6, −1/2, రెండూ కలిశాయి. పేజీ అంతా తన చేతిరాత, తన వరస.

ఈ పద్ధతి అన్ని ఫొటోలకూ పనికిరాదు. ఫొటోలో లెక్క పక్కన మార్కులు వేసి ఉంటే, పైన సమయం ఇన్ని నిమిషాలు అని ఉంటే, అది ఇంటికిచ్చిన పరీక్ష కావచ్చు. అప్పుడు కవల లెక్క కూడా చెప్పకూడదు. "ఇది టెస్టా అమ్మా? అయితే అయిపోయాక మాట్లాడుకుందాం" అని ఒక్క వరస రాస్తే చాలు. మా తమ్ముడి మనవడు ఒకసారి అలాంటిదే పంపాడు. వాడికి ఆ జవాబు నచ్చలేదు గాని, టెస్టు అయిపోయాక అదే లెక్కతో మళ్లీ వచ్చాడు. చేత్తో రాసుకున్న లెక్క ఫొటో అయితే గుర్తులు నమ్మకూడదు. s అక్షరం 5 లా ఉంటుంది, పేజీ మడత మీద పడిన మైనస్ గుర్తు మాయమవుతుంది. అలాంటప్పుడు నేను చదివినట్టుగా ఒక వరస రాసి పంపి, "ఇదేనా?" అని అడిగి గాని మొదలుపెట్టను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనం నేర్చుకున్న పద్ధతి వాళ్ల పుస్తకంలో ఉండకపోవచ్చు. వర్గం పూర్తి చేసి మూలాలు కనుక్కునే పద్ధతి మనలో చాలామందికి కంఠతా వచ్చు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాలు తగ్గించినప్పుడు పదో తరగతిలోంచి దాన్ని తీసేశారు. రాష్ట్ర బోర్డుల పుస్తకాలు వేరు, వాటి వరసలు వేరు. అందుకని మా ఇంట్లో పిల్లల పుస్తకాల విషయసూచిక పేజీలు ఫొటోలు తెప్పించుకుని ఒక కవరులో పెట్టుకున్నాను. ఫొటో రాగానే ముందు అది ఏ అధ్యాయమో చూస్తాను, ఆ అధ్యాయం దాకా వచ్చిన పనిముట్లతోనే చెబుతాను.

ఇప్పుడు మనవరాలు నాకు పంపే ఫొటోల్లో ప్రశ్న, తన సగం పని, రెండూ ఉంటున్నాయి. కింద మాటలు ఇంకా రాయదు. నేను పంపే కవల లెక్కల్లో మాత్రం కారణాంకాలు అని రాసి దాని కింద ఫాక్టర్స్ అని తెలుగులోనే రాస్తున్నాను. కూడబలుక్కుని చదువుతోందని వాళ్ల అమ్మ చెప్పింది. పోయిన వారం వచ్చిన రఫ్ పేజీ మూల, మధ్యపదం అన్న మాట పెన్సిలుతో రాసి ఉంది. ధకు ఒత్తు పెట్టడం మరిచిపోయింది. అది నేను దిద్దలేదు, మళ్లీ నా చేతిరాతలో చూసుకుంటుంది.